స్నేహితుడు 6 లక్షలు అడిగాడు, మన దగ్గర డబ్బుందని అతనికి తెలుసు: ఏమని రాయాలి?

ప్రశ్న: మాది నల్లగొండ. ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. ఇంటర్ నుంచి కలిసి చదువుకున్న స్నేహితుడు హాలియాలో ఉంటాడు. పాత వరికోత యంత్రం కొంటున్నానని, ముందు కట్టడానికి 6 లక్షలు చేబదులుగా కావాలని నిన్న రాత్రి వాట్సాప్‌లో అడిగాడు. ఆరు నెలల్లో ఇస్తానంటున్నాడు. ఎండాకాలంలో మేం ప్లాటు అమ్మిన సంగతి అతనికి తెలుసు. ఆ డబ్బు ఇల్లు కట్టుకోవడానికి పెట్టుకున్నాం. ఇవ్వడం నాకు ఇష్టం లేదు, మనిషిని పోగొట్టుకోవడమూ ఇష్టం లేదు. ఫోనులో అయితే నోరు రాదు. ఏమని రాయాలి?

జవాబు:

ఏమని రాసినా సరే, రేపు సాయంత్రం దాటకుండా రాయండి. ఈ విషయంలో మాటల ఎంపిక కన్నా ముందు చూసుకోవలసింది ఇదే. మీ స్నేహితుడు ఒక వస్తువు కొనబోతున్నాడు. అమ్మే మనిషి ఎవరో ఉన్నాడు, బేరం నడుస్తోంది, నేడో రేపో బయానా ఇవ్వాలి. మీ నుంచి జవాబు రాని ప్రతి రోజూ అతను సగం అవునని లెక్క వేసుకుంటాడు. ఆ ధైర్యంతో ఏ యాభై వేలో బయానా ఇచ్చేసి, పదిహేను రోజుల తర్వాత మీరు కాదంటే, అతనికి పోయేది మీ 6 లక్షలు కాదు, తన యాభై వేలు. అప్పుడు వచ్చే కోపంలో న్యాయం ఉంటుంది. ఇవాళ కాదంటే వచ్చే బాధ వేరు, అది తగ్గిపోతుంది.

నేను దస్తావేజు లేఖరిని. ప్రామిసరీ నోట్లు, అగ్రిమెంట్లు, చెల్లు రాతలు, బాకీ గురించి పెద్దమనుషుల ముందు రాసుకునే ఒప్పంద పత్రాలు చాలా ఏళ్లుగా రాస్తున్నాను. స్నేహితుల మధ్య డబ్బు గొడవతో నా దగ్గరకు వచ్చేవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. ఇచ్చి రాబట్టుకోలేకపోయినవాళ్లు ఒక రకం. రెండో రకం వాళ్లు అసలు ఇవ్వనేలేదు, అయినా మాటలు లేవు. వాళ్లను కదిలిస్తే దాదాపు ప్రతిసారీ ఒకే వరస బయటపడుతుంది: ‘చూద్దాం అన్నాడు, సర్దుతానన్నాడు, రెండు నెలలు తిప్పాడు, చివరికి లేదన్నాడు.’ మొదటి రోజే లేదని చెప్పినందుకు జీవితాంతం మాట్లాడుకోని స్నేహితులు నాకు చాలా అరుదుగా కనిపించారు.

మీకు సహజంగా ఎలాంటి ఉత్తరం రాయాలనిపిస్తుందో ముందు చూద్దాం. మెత్తని మనిషి ఎవరైనా ఇంచుమించు ఇలాగే రాస్తాడు:

‘అరే, నీ మెసేజ్ చూశాను. ఏమీ అనుకోకు, ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉంది. ప్లాటు డబ్బు వచ్చింది కానీ చాలావరకు డిపాజిట్‌లో వేసేశాం. మీ చెల్లెలు కూడా ఒప్పుకోవడం లేదు, ఇల్లు మొదలుపెడదామంటోంది. నాకైతే నీకివ్వాలనే ఉంది. అయినా ఒకసారి చూస్తాను. పాత మిషన్లకు రిపేర్లు ఎక్కువంటారు, ఆలోచించుకో. తప్పుగా అనుకోకు.’

ఇందులో చెడ్డ మాట ఒక్కటీ లేదు. కానీ డబ్బు అవసరంలో ఉన్న మనిషి దీన్ని ఎలా చదువుతాడో చూడండి. ‘ఇప్పుడు ఇబ్బంది’ అంటే వచ్చే నెల ఉండదన్నమాట. ‘డిపాజిట్‌లో వేశాం’ అంటే, దాన్ని మధ్యలో తీస్తే పోయే వడ్డీ తను భరిస్తానంటాడు, లేదా డిపాజిట్ మీద బ్యాంకు అప్పు ఇస్తుంది కదా అని గుర్తు చేస్తాడు. రెండూ నిజమే, కాబట్టి మీకు జవాబు ఉండదు. ‘మీ చెల్లెలు ఒప్పుకోవడం లేదు’ అన్నది అన్నిటికన్నా నష్టం చేసే మాట. ఆదివారం పండ్లు పట్టుకుని ఇంటికే వచ్చి, ‘ఏమమ్మా, అన్నకు ఆ మాత్రం సాయం చేయకూడదా’ అని ఆమెనే అడుగుతాడు. అడగకపోతే ఇంకా ఘోరం, ఆమె మీద మనసులో పెట్టుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఆమె చేతి అన్నం తిన్న మనిషికి ఆమెను చెడ్డదాన్ని చేసి చూపించడం అన్యాయం. ‘ఒకసారి చూస్తాను’ అన్న మాట ఇక మొత్తం ఉత్తరాన్ని రద్దు చేస్తుంది. అతనికి గుర్తుండేది అదొక్కటే.

రిపేర్ల గురించి రాసిన వాక్యం మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పని ఇది. సాగర్ ఎడమ కాలువ కింద వరికోత యంత్రానికి పని ఉండేది ఏడాదిలో రెండు విడతలు: వానాకాలం పంటకు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, యాసంగికి ఏప్రిల్, మే నెలల్లో. కాలువకు నీళ్లు రాని ఏడాది ఆ రెండో విడత కూడా అనుమానమే. ఆరు నెలల గడువులో అతని చేతికి వచ్చేది ఒక్క విడత సంపాదన. అందులోంచి డ్రైవరు జీతం, డీజిల్, బెల్టులు, బ్లేడ్లు, ఫైనాన్స్ వాయిదా పోగా ఇంకా 6 లక్షలు మిగలాలంటే కష్టం. మీకు ఈ లెక్క తట్టి ఉండవచ్చు, అది సరైనది కూడా కావచ్చు. అయినా కాదని చెప్పే ఉత్తరంలో దాన్ని రాయకండి. అతను మీ సలహా అడగలేదు, డబ్బు అడిగాడు. పైగా లెక్క రాస్తే లెక్కతోనే జవాబు వస్తుంది: ‘నిరుడు మా బావమరిది ఒక్క విడతలో ఇంత తీశాడు’ అని. మీరు దానికి బదులు చెప్పాలి. నాలుగు మెసేజ్‌ల తర్వాత మీరిద్దరూ యంత్రం గురించి వాదించుకుంటూ ఉంటారు, అసలు జవాబు ఇంకా రానట్టే ఉంటుంది. అతని లెక్క గెలిస్తే మీరు ఇచ్చి తీరాలి. నిజానికి ఆ యంత్రం మొదటి రోజు నుంచే లాభాలు తెచ్చినా మీరు ఇవ్వరు కదా? మరి ఇవ్వకపోవడానికి యంత్రం కారణం కాదు. కారణం కానిదాన్ని కారణంగా రాయకూడదు.

అయితే ఏ కారణం రాయాలి? ఒక్కటి చాలు. అది నిజమై ఉండాలి, అతను ఏదో ఒకటి సర్ది తీర్చగలిగేది కాకూడదు. మీ విషయంలో అలాంటి కారణం చేతిలోనే ఉంది: ఆ డబ్బు ఇంటికోసం వేరుగా పెట్టారు, అందులోంచి అప్పు ఇవ్వరు. కాకపోతే మీ ప్రశ్నలో ‘పెట్టుకున్నాం’ అని మాత్రమే ఉంది, ఎవరికీ ఇవ్వకూడదని మీరూ మీ ఇంటావిడా కలిసి అనుకున్నట్టు లేదు. కాబట్టి ఈ రాత్రి ఇద్దరూ కూర్చోండి. అందులోంచి ఎవరికీ, అంటే మీ తమ్ముడికైనా, ఆమె అన్నకైనా అప్పు ఇవ్వమని నిజంగా అనుకోండి. అనుకున్నాకే రాయండి. ఇది లాంఛనం కాదు. రేపు సంక్రాంతికి మీ బావమరిదికి రెండు లక్షలు ఇస్తే ఆ సంగతి హాలియా చేరడానికి ఎంతో కాలం పట్టదు, అప్పుడు మీరు రాసిన ప్రతి అక్షరం అబద్ధమవుతుంది. అంత గట్టిగా అనుకోలేమని తేలితే ఆ కారణం వదిలేయండి, ‘స్నేహితులతో పెద్ద మొత్తాల అప్పు పెట్టుకోను’ అని రాయండి. అదీ నిజమైతేనే.

ఇక ఉత్తరం. మీ పిలుపులు మీకుంటాయి, వాటితోనే మొదలుపెట్టండి. నేనైతే ఇలా రాస్తాను:

‘నీ మెసేజ్ చదివాను. మిషన్ కోసం అడిగిన 6 లక్షలు నేను ఇవ్వలేనురా. ప్లాటు అమ్మిన డబ్బు ఉంది, ఆ మాట నీ దగ్గర దాచను. అది ఇంటికోసం పక్కన పెట్టాం, అందులోంచి ఎవరికీ అప్పు ఇవ్వకూడదని మేమిద్దరం అనుకున్నాం. వేరే చోట తెస్తే నీ మీద వడ్డీ పడుతుందని నాకు తెలుసు. నువ్వు నన్ను అడగడంలో తప్పేమీ లేదు. బయానా ఇచ్చేలోపే నీకు తెలియాలని వెంటనే రాస్తున్నాను. ఫైనాన్స్ వాళ్ల కాగితాల మీద సంతకం పెట్టేముందు నాకు ఫొటో తీసి పంపు. ఆదివారం హాలియా వస్తాను, కూర్చుని లెక్క చూద్దాం.’

జవాబు రెండో వాక్యంలోనే వచ్చింది, అంకెతో సహా. అంకె రాయడం మొరటుగా అనిపిస్తుంది కానీ రాయాలి. రాయకపోతే ‘అంత కాకపోయినా కొంత ఇస్తాడేమో’ అన్న ఆశ మిగులుతుంది. ‘ఇప్పుడు’, ‘ప్రస్తుతం’, ‘ఈ పరిస్థితుల్లో’ అన్న మాటలు ఎక్కడా లేవని గమనించండి. ‘ఇవ్వలేకపోతున్నాను’ అని కూడా రాయలేదు. ఆ మాటలో ఇంకా ఏదో నడుస్తున్నట్టు, రేపు మారవచ్చన్నట్టు ధ్వనిస్తుంది. ‘ఇవ్వను’ అంటే మొహం మీద కొట్టినట్టుంటుంది. ‘ఇవ్వలేను’ అన్నది ఈ రెంటికీ మధ్య సరిపోతుంది, చివర ఆ ‘రా’ మీ పాత చనువును అలాగే ఉంచుతుంది. ఇన్నాళ్లూ ‘రా’ అని పిలిచిన మనిషికి హఠాత్తుగా ‘క్షమించగలవు’ అని రాస్తే, అతన్ని దూరం పెట్టేశారని ఆ ఒక్క మాటే చెబుతుంది.

డబ్బు ఉందని ఒప్పుకోవడం చాలామందికి భయం. ఉందని చెప్పి కాదనడం కన్నా లేదని చెప్పడం సులువనుకుంటారు. మీ స్నేహితుడికి ప్లాటు సంగతి తెలుసు కాబట్టి మీకు ఆ దారి ఎటూ లేదు. తెలియకపోయినా నేను అదే చెబుతాను. లేదన్నవాడు ఆ తర్వాత ఇంటికి పునాది తీసినా, కొత్త బండి కొన్నా దొంగలా దాక్కోవాలి. ఉందని చెప్పి కాదన్నవాడు గృహప్రవేశానికి ఆ స్నేహితుణ్ణే ముందు పిలవగలడు.

‘అనుకున్నాం’ అన్న మాటకూ ‘ఆమె ఒప్పుకోవడం లేదు’ అన్నదానికీ ఉన్న తేడా కూడా చూడండి. రెండింటిలోనూ మీ ఇంటావిడ ఉంది. మొదటిదానిలో మీరు ఆమె పక్కన నిలబడ్డారు, రెండోదానిలో ఆమె వెనక దాక్కున్నారు. ఆమెకు ఈ ఉత్తరం చూపించే పంపండి. రేపు అతను ఇంటికి వస్తే ఇద్దరి నోటా ఒకే మాట రావాలి.

వడ్డీ గురించి రాసిన వాక్యం నా దృష్టిలో ఈ ఉత్తరానికి గుండెకాయ. అతను మీ దగ్గర అడుగుతున్నది చేబదులు, అంటే వడ్డీ లేని డబ్బు. మీరు కాదంటే బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చుకోవాలి. 6 లక్షలకు నెలకు 12 వేలు, ఆరు నెలలకు 72 వేలు. మీ ‘లేదు’ వల్ల అతని మీద పడే భారం ఇంత. అది మీకు కనిపించిందని అతనికి తెలియాలి. ‘ఏమీ అనుకోకు’, ‘తప్పుగా అనుకోకు’ అని రాస్తే, అనుకోకుండా ఉండే బాధ్యత కూడా అతని మీదే పెట్టినట్టవుతుంది. నష్టాన్ని పేరు పెట్టి చెప్పి, అడగడంలో తప్పు లేదని చెబితే అతనికి సిగ్గు తగ్గుతుంది. అప్పు అడిగి లేదనిపించుకున్న మనిషిని ఆ తర్వాత మీ ఇంటి గడప తొక్కనివ్వనిది ఎక్కువసార్లు కోపం కాదు, ఆ సిగ్గే.

చివర ఇచ్చిన మాట గురించి. ‘ఇంకేదైనా సాయం కావాలంటే అడుగు’ అని మాత్రం రాయకండి. అతనికి కావలసింది అడిగేశాడు, మీరు కాదన్నారు. ‘బ్యాంకులో ప్రయత్నించు’ అనీ రాయకండి, ఆ ఆలోచన అతనికి రాకుండా ఉంటుందా? మీరు నిజంగా చేయగలిగిన ఒక్క పని, రోజుతో సహా చెప్పండి. ఆ రోజు వెళ్లలేననుకుంటే అసలు చెప్పకండి. ఏమీ చెప్పకపోయినా ఉత్తరానికి లోటు లేదు, చెప్పి వెళ్లకపోతే మాత్రం రెండోసారి లేదన్నట్టే.

మీరు పాఠాలు చెప్పేవారు, లెక్క చూడగలరు కాబట్టి ఫైనాన్స్ కాగితాల సంగతి పెట్టాను. అది మాటవరస సాయం కాదు. పాత యంత్రాలకు అప్పు ఇచ్చేవాళ్లు చాలాసార్లు వడ్డీని మొదటి అసలు మీదే చివరిదాకా లెక్క కడతారు. ఉదాహరణకు 9 లక్షలు, మూడేళ్లు, ఏడాదికి 12 శాతం అన్నారనుకోండి. ఏడాదికి 1 లక్షా 8 వేల చొప్పున మూడేళ్లకు 3 లక్షల 24 వేలు వడ్డీ, మొత్తం 12 లక్షల 24 వేలు, నెలకు 34 వేలు. వినడానికి 12 శాతమే. కానీ నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు కాబట్టి, బ్యాంకులు లెక్కించే తగ్గే అసలు పద్ధతిలో చూస్తే అది ఏడాదికి 21 శాతం దరిదాపు పడుతుంది. ఇంకో సంగతి, నెలవారీ వాయిదా కోత యంత్రానికి పొసగదు, సంపాదన రెండు విడతల్లోనే వస్తుంది కాబట్టి. కోతల తర్వాత ఆరు నెలలకోసారి కట్టే వాయిదాలు ఇస్తారా అని సంతకానికి ముందే అడగాలి, వ్యవసాయ యంత్రాలకు అలా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఈ రెండు విషయాలూ ఆదివారం అతని పక్కన కూర్చుని కాగితం మీద వేసి చూపిస్తే, మీరు చేసిన సాయం అతనికి డబ్బులోనే కనిపిస్తుంది. యంత్రం కొనవద్దని అప్పుడు కూడా మీరుగా అనకండి. లెక్క ముందుంటే అతనే చూసుకుంటాడు.

మెసేజ్ పంపాక ఏమవుతుంది? చాలావరకు ‘సరేలే’ అని మూడు అక్షరాలు వస్తాయి, లేదా రెండు నీలం గీతలు పడి జవాబు రాదు. వారం పది రోజుల మౌనం మామూలే. ఆ మౌనాన్ని భరించలేక మళ్లీ సంజాయిషీలు రాయడం వల్లే పని చెడుతుంది. ఒకటికి మూడు కారణాలు చేరగానే మొదటిది నిజం కాదేమోనన్న అనుమానం పుడుతుంది. మీరు ఆదివారం వెళ్లండి, అంతే.

జవాబు వస్తే అది సాధారణంగా బేరం రూపంలో వస్తుంది. ‘పోనీ సగమైనా సర్దు’ అంటాడు. ‘మూడైనా ఇవ్వలేనురా. ఎంత అన్నది కాదు, ఆ డబ్బులోంచి తీయమని అనుకున్నాం’ అని రాయండి. ‘వడ్డీ తీసుకో, నోటు రాసిస్తాను’ అంటాడు. ఇక్కడ చాలామంది మెత్తబడతారు, నోటు ఉంటే భయం లేదనుకుంటారు. నోట్లు రాసే మనిషిగా చెబుతున్నాను, నోటు మీ డబ్బుకు రుజువు మాత్రమే. రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి, లేదా గడువు లోపల అతను కొంత కట్టి నోటు వెనక తన చేతితో చెల్లు రాసి సంతకం పెట్టాలి. అంటే మూడో ఏడు దగ్గరపడుతుంటే మీరు హాలియా వెళ్లి, ‘ఓ వెయ్యి కట్టి సంతకం పెట్టరా’ అని అడగాలి, లేదా కోర్టుకు ఎక్కాలి. ఆ రెంటిలో ఏది చేయగలరో ఇవాళే ఆలోచించుకోండి. ఏదీ చేయలేనివారికి నోటు వల్ల ఉపయోగం లేదు. నగదుగా ఇమ్మన్నా ఒప్పుకోకూడదు. 20 వేలు, ఆ పైన అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవారికి అంత మొత్తం జరిమానా పడే అవకాశం ఉంది. ఇద్దరిదీ వ్యవసాయ ఆదాయమే అయి, పన్ను పడే ఆదాయం ఎవరికీ లేకపోతే మినహాయింపు ఉంది కానీ, జీతం తీసుకునే మీకు అది వర్తించదు. ఇవన్నీ అతనికి రాయవలసిన పని లేదు. మీరు తెలుసుకుని, ‘నోటు రాసినా నా మాట అదేరా’ అంటే చాలు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసింది ఈ అడుగులో: ‘సరే, డబ్బు వద్దు. ఫైనాన్స్ వాళ్లకు షూరిటీ సంతకం పెట్టు, అంతే కదా.’ 6 లక్షలకు కాదన్న మొహమాటంలో ఈ సంతకానికి అవునంటారు. డబ్బు అడిగినవాడికి ఉత్తచేతులు చూపించానే అన్న బాధ అలా లాగుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకోకపోతే, జామీను పడ్డవారి బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. అతను కట్టకపోతే ముందు అతని మీదికి వెళ్లి, రాకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు, నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. మీ క్రెడిట్ రికార్డు మీద కూడా ఆ మచ్చ పడుతుంది. రేపు ఇంటి అప్పుకు బ్యాంకుకు వెళ్తే అది అడ్డం వస్తుంది. పైగా షూరిటీకి ఖాళీ చెక్కు అడిగేవాళ్లు కూడా ఉన్నారు, దాని వెనక చెక్కు బౌన్స్ కేసు ఉంటుంది. 9 లక్షలకు జామీను అంటే మీరు కాదన్న 6 లక్షల కన్నా పెద్ద అప్పు. కాబట్టి ఇది అడిగితే, ‘షూరిటీ కూడా పడలేనురా. ఇంటి అప్పుకు వెళ్లాలి, నా పేరు మీద అది ఉండకూడదు’ అని అదే రోజు రాయండి.

కోపంగా రాస్తే? ‘ఇంతేనా మన స్నేహం’, ‘నీ కష్టంలో నేను నిలబడలేదా’ అని పాత సంగతులు తీస్తే? నిలబడి ఉంటాడు. దాన్ని ఒప్పుకోండి. ‘నిలబడ్డావు, మరచిపోలేదు. ఈ డబ్బు విషయంలో మాత్రం నా మాట మారదు. ఆదివారం వస్తున్నాను’ అని రాయండి. మీరు అతనికి చేసినవి ఏకరువు పెట్టకండి, అక్కడ మొదలైన లెక్కకు అంతుండదు. మధ్యలో మీ ఇద్దరికీ తెలిసిన మూడో స్నేహితుడు ఫోను చేసి ‘పాపం వాడికి అవసరమట’ అనవచ్చు. ‘ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకున్నాం’ అని ఆపేయండి. అతను అప్పు అడిగాడన్న మాట మీ నోటి నుంచి ఇంకొకరికి పోకూడదు. పాత క్లాస్‌మేట్ల గ్రూపులో అసలే వద్దు.

‘మొత్తం ఇవ్వకపోతే ఓ ఇరవై వేలు ఊరికే ఇద్దామా’ అనిపించవచ్చు. ఈ సందర్భంలో నేను వద్దంటాను. యంత్రానికి ముందు కట్టవలసిన సొమ్ములో ఇరవై వేలు ఏ మూలకూ రావు, అతనికి అది మీరు పారేసిన చిల్లరలా తోస్తుంది. అడిగింది ఆసుపత్రి ఖర్చుకైతే నా సలహా వేరుగా ఉండేది. అక్కడ తిరిగి రాకపోయినా బాధపడని మొత్తమేదో లెక్క చూసుకుని, అప్పు అన్న పేరు లేకుండా, మొదటి మెసేజ్‌తోపాటే పంపమని చెప్పేవాణ్ణి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు కాబట్టి, ఆ వైద్యం దాని కిందికి వస్తుందేమో కనుక్కోవడానికి తోడు వెళ్లమనేవాణ్ణి. వ్యాపారం కోసం అడిగినప్పుడు ఆ దారి పనికిరాదు.

ఒక్క సందర్భం మిగిలింది: మిమ్మల్ని అడగడానికి ముందే అతను బయానా ఇచ్చేసి ఉంటే. అప్పుడు ఒత్తిడి ఇంకా ఎక్కువగా ఉంటుంది, ‘నువ్వివ్వకపోతే నా బయానా పోతుంది’ అంటాడు. మీ జవాబు మారదు, మారవలసిన పనీ లేదు. మీరు చేయగలిగిన సాయం మాత్రం మారుతుంది. ఆదివారం దాకా ఆగకుండా బయానా కాగితం తెప్పించుకుని, మిగతా సొమ్ముకు గడువు ఏ తేదీ అని రాసుందో చూడండి. సీజను దాటితే కొనేవాళ్లు తగ్గుతారు కాబట్టి, చేతిలో ఉన్న బేరాన్ని వదులుకోవడం కన్నా మరో ఇరవై రోజులు ఆగడమే అమ్మేవారికి కూడా లాభం కావచ్చు. ఇద్దరూ కలిసి వెళ్లి అడగండి. ఒప్పుకుంటే నోటిమాటతో వదలకుండా అదే కాగితం వెనక కొత్త తేదీ రాయించి, అమ్మేవారిదీ కొనేవారిదీ సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. సాక్షిగా మీరు సంతకం పెట్టవచ్చు, ఫరవాలేదు. పెట్టేముందు, మీ పేరు సాక్షి అన్న చోటే ఉందో, జామీను అన్న చోట ఉందో ఒకసారి చదువుకోండి.